ఉసిరి ఎండినా, ఉడికినా విటమిన్ సి పోదా? ఒరుగుల డబ్బా గురించి ఒక వివరమైన సమాధానం

ప్రశ్న: "మాది నల్లగొండ పక్క ఊరు. మా అమ్మ ప్రతి కార్తీకంలో ఉసిరికాయలు ఉడకబెట్టి, ఎండబెట్టి ఒరుగులు చేసి ఏడాదంతా డబ్బాలో దాస్తుంది. వేరే పండ్లలో ఎండబెడితే పోయే సి విటమిన్ ఉసిరిలో మాత్రం పోదని అందరూ అంటారు. ఇది నిజమేనా? నిజమైతే కారణమేమిటి?"

పోతుంది, కానీ మిగతా పండ్లలో కంటే చాలా నెమ్మదిగా పోతుంది. అందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది ఉసిరిలోని పులుపు, రెండవది దానిలోని వగరు. వీటికి తోడు ఆ కాయలో విటమిన్ మొదటే ఎక్కువగా ఉండటం వల్ల, సగం పోయినా మిగిలిన సగం చెప్పుకోదగినంత ఉంటుంది. అయితే "అసలే పోదు" అన్న మాటలో కొంత భాగం కొలిచే పద్ధతిలోని పొరపాటు వల్ల పుట్టింది, మరికొంత ఎండిన వస్తువును పచ్చి వస్తువుతో తూకానికి తూకం పోల్చడం వల్ల పుట్టింది. అమ్మగారు చేసే పద్ధతిలో ముందుగా ఉడికించడమే మంచి పని. నష్టంలో ఎక్కువ భాగం ఆ తరువాత, ఎండబెట్టే చోట, దాచే చోట జరుగుతుంది.

నేను ఆహార పరీక్షల ప్రయోగశాలలో కొన్నేళ్లు పని చేసి, ఆ తరువాత అచ్చంపేట వైపు అడవి ఉసిరిని ఎండబెట్టే ఒక చిన్న యూనిట్‌ను పదహారేళ్లు చూసుకున్నాను. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు కనుక, కాస్త నిదానంగా చెబుతాను.

ముందుగా ఒక అపోహను పక్కన పెడదాం. విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, వేడి తగలగానే ఆవిరైపోయే పదార్థం కాదు. దానికి అసలు శత్రువు గాలిలోని ఆక్సిజన్. ఆక్సిజన్‌తో కలిసినప్పుడు అది మొదట డీహైడ్రో ఆస్కార్బిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ దశలో నష్టమేమీ లేదు, ఎందుకంటే మన శరీరం దానిని తిరిగి విటమిన్‌గా మార్చుకోగలదు. కానీ ఆ రూపం నిలకడ లేనిది; అది ఇంకొక అడుగు ముందుకు వేసి డైకీటోగులోనిక్ ఆమ్లంగా మారిందంటే ఇక వెనక్కి రాదు, విటమిన్‌గా పనికిరాదు. వేడి చేసేది ఈ నడకను వేగవంతం చేయడమే. గాలి తగలకుండా మూత పెట్టి పది నిమిషాలు ఉడికించిన ఉసిరికాయ పోగొట్టుకునేది తక్కువ. నాలుగు రోజులు ఎండలో పరిచిన ముక్క పోగొట్టుకునేది ఎక్కువ. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి అనుకుంటారు.

ఈ నడకను వేగవంతం చేసేవి మరో రెండు ఉన్నాయి. ఒకటి రాగి, ఇనుము వంటి లోహాలు, అవి అణుమాత్రంగా ఉన్నా సరే. ఆకుల్లో, కాయల్లో, నీళ్లలో అవి ఎంతో కొంత ఉండనే ఉంటాయి. రెండవది ఎంజైములు. దోసకాయ, గుమ్మడి జాతి కాయల్లో ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైము బలంగా ఉంటుంది. కాయను కోసిన క్షణం నుంచి అది తన పని మొదలుపెడుతుంది. ఆ ఎంజైము నడుముకు కట్టుకున్న లోహం కూడా రాగే.

ఇప్పుడు పులుపు సంగతి. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. ఉసిరి రసం పీహెచ్ సాధారణంగా మూడు లోపే ఉంటుంది. ఆస్కార్బిక్ ఆమ్లంలోని ఒక హైడ్రోజన్ విడిపోయి అయానుగా మారితేనే ఆక్సిజన్ దానిని సులభంగా పట్టుకోగలదు. విడిపోని అణువు జోలికి ఆక్సిజన్ అంత త్వరగా పోదు. పీహెచ్ నాలుగు దాటే చోట, అంటే జామ, టమాటా వంటి వాటిలో, దాదాపు సగం అణువులు విడిపోయి సిద్ధంగా ఉంటాయి. పీహెచ్ మూడు దగ్గర వందలో ఏడు మాత్రమే అలా ఉంటాయి, రెండున్నర దగ్గర రెండో మూడో. మిగిలినవన్నీ మూసిన తలుపుల వెనుక ఉన్నట్టే. పైగా నేను చెప్పిన ఎంజైముకు ఇంత పులుపులో పని చేయడం చేత కాదు. నిమ్మకూ ఈ రక్షణ ఉంది. నిమ్మరసంలో విటమిన్ నిజానికి మనం అనుకునేంత త్వరగా పోదు. నిమ్మలో లోటు అది కాదు, అసలు మొదట ఉన్నదే తక్కువ: వంద గ్రాములకు నలభై మిల్లీగ్రాముల చుట్టుపక్కల.

రెండవ కాపలా వగరు. ఉసిరిని కొరికినప్పుడు నాలుకను పట్టేసే ఆ వగరు టానిన్లది. గ్యాలిక్ ఆమ్లం, ఎలాజిక్ ఆమ్లం, చక్కెర కలిసి కట్టిన పెద్ద అణువులవి. 1936లో మద్రాసులో దామోదరన్, నాయర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉసిరి నుంచి ఇటువంటి ఒక టానిన్‌ను వేరు చేసి, అది ఆస్కార్బిక్ ఆమ్లం ఆక్సిజన్ పాలు కాకుండా అడ్డుకుంటుందని చూపించి, ఆ వివరాలను బయోకెమికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఎండబెట్టినా ఉసిరిలో విటమిన్ నిలుస్తుందన్న మాటకు బలమైన ఆధారాలలో అదొకటి, తొంభై ఏళ్ల నాటిది.

టానిన్ ఎలా అడ్డుకుంటుంది? మూడు విధాలుగా. ఇనుము, రాగి అయాన్లను తనలో బంధించి, అవి ఆక్సిజన్‌కు తోడు పోకుండా చేస్తుంది. ఎంజైములు ప్రోటీన్లు కనుక, వాటిని కూడా పట్టుకుని పనికి రాకుండా చేస్తుంది. మన నోట్లోని లాలాజలపు ప్రోటీన్లను పట్టుకోవడమే నాలుక బిరుసెక్కడానికి కారణం. మూడవది, ఆక్సిజన్ వల్ల పుట్టే చురుకైన కణాలకు విటమిన్‌కు బదులు తానే ఆహుతి అవుతుంది. ఈ టానిన్లు ఉడికినప్పుడు విరిగి గ్యాలిక్ ఆమ్లంగా, ఎలాజిక్ ఆమ్లంగా మారతాయి, కానీ ఆ ముక్కలకు కూడా లోహాలను పట్టుకునే గుణం పోదు. అందుకే ఉడికిన ఉసిరిలో కూడా రక్షణ కొనసాగుతుంది. నల్లమల లోపలి నుంచి వచ్చే చిన్న అడవి కాయ, తోటలో పెంచే పెద్ద కాయ కంటే వగరుగా ఉంటుంది. మా యూనిట్‌లో ఒరుగులకు మేము ఎప్పుడూ అడవి కాయనే కోరుకునేవాళ్లం, గుజ్జు తక్కువ, గింజ పెద్దది అయినా సరే.

టానిన్ లోహాన్ని పట్టుకోవడం మీరు కళ్లతో చూడవచ్చు. పాత ఇనుప కత్తిపీటతో ఉసిరికాయ కోయండి. రెండు నిమిషాల్లో కోసిన అంచున నీలం కలిసిన నలుపు పాకుతుంది. అది ఇనుము, గ్యాలిక్ ఆమ్లం కలిసి పుట్టిన రంగు. పూర్వం వ్రాత సిరాను తయారు చేసింది కూడా ఇదే కలయికతో. స్టీలు కత్తితో కోసిన ముక్క ఆ రంగు చూపదు. ఇక్కడ ఒక సందేహం రావచ్చు: టానిన్ ఇనుమును పట్టేసుకుంది కదా, ఇంకేం భయం అని. భయం ఉంది. కాయలో సహజంగా ఉన్న కొద్దిపాటి లోహానికి టానిన్ సరిపోతుంది, మనం కత్తి నుంచి, తట్ట నుంచి, తుప్పు నుంచి తెచ్చి పోసే లోహానికి సరిపోదు. కాపలావాడు అక్కడే అలసిపోతే విటమిన్ ఒంటరిగా మిగులుతుంది.

ఈ పాఠం నాకు ఉచితంగా రాలేదు. యూనిట్ మొదలుపెట్టిన రెండో ఏడు డిసెంబరులో దాదాపు నలభై కిలోల కాయ ఒకేసారి వచ్చింది. ట్రేలు చాలక, వెనుక షెడ్డులో పడి ఉన్న పాత రేకులను కడిగి, వాటి మీద గుడ్డ కూడా వేయకుండా ముక్కలు పరిచాము. రేకుల పూత అక్కడక్కడా లేచిపోయి తుప్పు పట్టి ఉంది. మూడో రోజుకు అడుగు భాగం తారు పూసినట్టు నల్లబడింది. మొదట మేము దానిని ఎండ వల్ల వచ్చిన రంగు అనుకున్నాము. అదే కాయను, అదే రోజు, నైలాన్ వల మీద పరిచిన ఒక చిన్న బుట్టెడు ముక్కలు మాత్రం లేత గోధుమ రంగులో ఉన్నాయి. రెండింటినీ రంగు ద్రావణంతో పరీక్షిస్తే, నల్లబడిన వాటికి పట్టిన ద్రావణం లేత రంగు వాటికి పట్టిన దానిలో మూడోవంతుకు కూడా రాలేదు. ఆ నలభై కిలోలు ఆఖరికి తలనూనె చేసేవారికి పోయాయి. వారికి ఆ నలుపే కావాలి.

రంగు ద్రావణం అన్నాను కదా, అక్కడే అసలైన చిక్కు ఉంది, మీరు చదివే అంకెలన్నింటి మీద దాని నీడ పడుతుంది. పాత పద్ధతిలో ఇండోఫినాల్ అనే నీలిరంగును బ్యూరెట్ అనే కొలత గొట్టంలో పోసి, మెటాఫాస్ఫారిక్ ఆమ్లంతో తీసిన ఉసిరి రసంలోకి చుక్క చుక్కగా వదులుతారు. పుల్లటి రసంలో పడగానే ఆ నీలం గులాబీగా మారుతుంది, విటమిన్ ఉన్నంత వరకు ఆ గులాబీ వెంటనే మాయమవుతుంది. విటమిన్ అయిపోయాక పడిన చుక్కతో గులాబీ రంగు పదిహేను సెకన్లు నిలవాలి. అదే చివరి గురుతు. నారింజ రసంలో అది చక్కగా నిలుస్తుంది. ఉసిరిలో మాత్రం రంగు వచ్చినట్టే వచ్చి, మీరు అంకె వ్రాసుకునేలోపే నెమ్మదిగా వెలిసిపోతుంది. కారణం టానిన్లే, అవి కూడా ఆ రంగును కొద్దికొద్దిగా తినేస్తాయి. ఓపిక లేని విశ్లేషకుడు మరో చుక్క, మరో చుక్క అని వేస్తూ పోతే టానిన్ అంతా విటమిన్ లెక్కలో జమ అవుతుంది. ఇంటి దగ్గర అయోడిన్‌తో చేసే పరీక్షలో ఈ పొరపాటు ఇంకా పెద్దది, ఎందుకంటే గ్యాలిక్ ఆమ్లం అయోడిన్‌ను కూడా ఊరుకోనివ్వదు.

ఈ సంగతి తెలిస్తే ఒక తికమక విడిపోతుంది. మన జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో ఉసిరికి వంద గ్రాములకు 600 మిల్లీగ్రాముల విటమిన్ సి అని ఉంటుంది. అదే హైదరాబాద్ సంస్థ 2017లో ప్రచురించిన కొత్త పట్టికలో అది 252 మిల్లీగ్రాములు. కాయ రకం, పక్వం, ప్రాంతం కూడా తేడా తెస్తాయి, కానీ పదార్థాలను ఒకదాని నుంచి ఒకటి వేరు చేసి కొలిచే కొత్త యంత్రాలు టానిన్‌ను విటమిన్ ఖాతాలో వేయకపోవడం కూడా తగ్గుదలకు ఒక కారణమని నా అభిప్రాయం. 1990లలో కొందరు మరో కొసకు పోయి ఉసిరిలో అసలు విటమిన్ సి లేదని, ఉన్నదంతా టానిన్లేనని వాదించారు. తరువాత జాగ్రత్తగా కొలిచినవారు విటమిన్ ఉన్నదని తేల్చారు. "ఒక ఉసిరికాయ ఇరవై నారింజలతో సమానం" అన్న మాట కూడా ఆ పాత పట్టిక నుంచి వచ్చినదే: 600ను నారింజకు ఉన్న 30తో భాగించారు. అది తూకానికి తూకం లెక్క, కాయకు కాయ లెక్క కాదు. కొత్త అంకె ప్రకారం గింజ పోగా 35 గ్రాముల గుజ్జు ఉన్న కాయలో 88 మిల్లీగ్రాములు ఉంటాయి. అది రెండు నారింజలకు కాస్త అటూ ఇటూ. తక్కువేమీ కాదు, కానీ ఇరవై కాదు.

దీని వల్లే "ఎండబెట్టినా పోలేదు" అనే కొన్ని ఫలితాలను నేను అనుమానంతో చూస్తాను. ఎండిన ముక్కలో విటమిన్ పోయి, టానిన్ నిలిచి ఉంటే, పాత పద్ధతి ఆ టానిన్‌నే విటమిన్‌గా చూపుతుంది. నా తుప్పు రేకుల కథలో మూడోవంతు అన్న అంకె కూడా ఈ లోపం ఉన్నదే, అసలు విటమిన్ అంతకంటే తక్కువే మిగిలి ఉంటుంది.

రెండవ మోసం తూకంలో ఉంది. దీనిని ఒక లెక్కతో చూపిస్తాను. అంగడిలో పది కిలోల ఉసిరి కొన్నారనుకోండి. గింజలు పోగా ఎనిమిదిన్నర కిలోల గుజ్జు దక్కుతుంది. 252 మిల్లీగ్రాముల లెక్కన అందులో మొత్తం 21.4 గ్రాముల విటమిన్ సి ఉంటుంది. ఆ గుజ్జులో నూటికి ఎనభైకి పైగా నీరే కనుక, బాగా ఎండిన తరువాత చేతికి వచ్చే ఒరుగులు సుమారు 1.6 కిలోలు. విటమిన్ ఒక్క చుక్క కూడా పోకపోతే వంద గ్రాముల ఒరుగులో దాదాపు 1340 మిల్లీగ్రాములు ఉండాలి. సగం పోతే 670. మూడింట రెండు వంతులు పోయినా దాదాపు 446 ఉంటాయి, అంటే పచ్చి కాయలోని 252 కంటే ఎక్కువ! పొట్లం మీద "పచ్చి ఉసిరి కంటే ఎక్కువ విటమిన్ సి" అని వ్రాసినవాడు అబద్ధం చెప్పినట్టు కాదు, కానీ మూడింట రెండు వంతులు పోగొట్టిన సరుకును కూడా అదే మాటతో అమ్మవచ్చు. నీరు పోయి పదార్థం చిక్కబడటం వేరు, పదార్థం నిలవడం వేరు. సరైన పోలిక చేయాలంటే మొదట ఉన్న మొత్తం ఎంత, చివర మిగిలిన మొత్తం ఎంత అని చూడాలి.

ఇదే లెక్కతో రోజువారీ వాడకం కూడా తెలుస్తుంది. ఒక చెంచా పొడి మూడు గ్రాములు. సగం నిలిచిన పొడి అయితే అందులో ఇరవై మిల్లీగ్రాములు, మూడోవంతే నిలిచినదైతే పదమూడు. మన దేశపు సిఫారసు ప్రకారం పెద్దవారిలో మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు కావాలి. పొడి మీదే ఆధారపడితే నాలుగు చెంచాలు తినాలి, అది ఎవరూ తినలేరు. కార్తీకంలో, పుష్యంలో పచ్చి కాయ దొరికినన్నాళ్లు రోజుకొకటి తిని, ఎండు ఉసిరిని ఎండాకాలానికి తోడుగా పెట్టుకోవడం మేలు.

ఇక అమ్మగారి పని దగ్గరకు వద్దాం. ఉడికించడం మంచిదని పైన చెప్పాను, కానీ ఎలా ఉడికిస్తారన్నది ముఖ్యం. గిన్నె నిండా నీళ్లు పోసి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే, విటమిన్ నాశనం కాకపోయినా, నీళ్లతో పాటు మోరీలోకి పోతుంది. విటమిన్ సి నీటిలో కరిగేది. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పెట్టడం ఉత్తమం. చిన్న కాయకు ఐదారు నిమిషాలు, పెద్ద కాయకు ఎనిమిది నుంచి పది నిమిషాలు చాలు. కాయ మీద గీతల వెంట పాయలు విడిపోయి, వేలితో నొక్కితే గింజ బయటికి జారితే దించేయాలి. ఆవిరి ఎంజైములను చంపేస్తుంది, కాయ లోపలి సందుల్లోని గాలిని తరిమేస్తుంది, పైగా కత్తి పని తప్పుతుంది. నీళ్లలోనే ఉడికించాలంటే కాయలు మునిగేంత మాత్రమే పోసి, ఆ నీటిని చారులో వాడుకోండి. పులుపు కూడా సరిపోతుంది.

నల్లగొండ వారికి ప్రత్యేకంగా ఒక మాట. మన బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పదనంతో, క్షార గుణంతో ఉంటాయి. ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న నీళ్లలో ఈ గుణం మరింత కనిపిస్తుంది. కాయ తక్కువ, నీళ్లు ఎక్కువ అయితే ఆ క్షారం ఉసిరి పులుపును కొంత విరిచేస్తుంది, నీళ్లలోకి దిగిన విటమిన్ అక్కడ త్వరగా పాడవుతుంది. ఆవిరి మీద వండితే ఈ బాధ ఉండదు. త్వరగా మెత్తబడాలని సోడా వేయడం అన్నింటికంటే చెడ్డ పని. మురబ్బా కోసం కాయలను పొడిచి సున్నపు తేట నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఆ నీళ్లు మార్చి మార్చి పారబోసే పద్ధతి కూడా ఇటువంటిదే. అక్కడ వగరు పోతుంది, దానితో పాటు విటమిన్, దాని కాపలా రెండూ పోతాయి. రుచికి తినండి, విటమిన్ కోసం అయితే అక్కరలేదు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలను మాత్రం ఉసిరి దగ్గరికి రానివ్వకూడదు. పులుపు రాగిని కరిగిస్తుంది, రాగి విటమిన్‌ను ఇనుము కంటే వేగంగా పాడు చేస్తుంది.

ఎండబెట్టేటప్పుడు నేను చూసేది వేగం. ముక్కలో తడి ఉన్నంత కాలమే నష్టం చురుకుగా సాగుతుంది. తడి పోయిన తరువాత నెమ్మదిస్తుంది. కనుక పాయలను ఒకే వరుసగా, ఒకదాని మీద ఒకటి పడకుండా, నైలాన్ వల మీద కానీ, ఉతికిన నూలు బట్ట పరిచిన నులక మంచం మీద కానీ పరచాలి. కిందనుంచి కూడా గాలి ఆడాలి. నేరుగా ఎండ తగలకుండా పైన పలుచని బట్ట కప్పాలి, వెలుతురు కూడా ఆక్సీకరణకు తోడ్పడుతుంది. మన వైపు డిసెంబరు, జనవరి గాలి పొడిగా ఉంటుంది. గాలి ఆడే నీడలో మూడు నుంచి ఐదు రోజుల్లో ఆరిపోతాయి. రాత్రి మంచు పడే వేళకు తప్పనిసరిగా లోపలికి తీసుకోవాలి, లేకపోతే పగలు పోయిన తడి రాత్రి తిరిగి వస్తుంది, నష్టం మళ్లీ మొదటికి వస్తుంది. సోలార్ డ్రయ్యర్ ఉంటే 55 నుంచి 60 డిగ్రీల వేడిలో ఒక్క పగటిపూటే పని ముగుస్తుంది. అరవై డిగ్రీల వేడిలో పది గంటలు, ముప్పై డిగ్రీల ఎండలో ఐదు రోజులు, ఈ రెండింటిలో మొదటిదే విటమిన్‌కు మేలు. యూనిట్‌కు వచ్చినవారిని ఇది నమ్మించడానికి నాకు ఎక్కువ సమయం పట్టేది.

తురిమి ఎండబెట్టే అలవాటు కొందరికి ఉంది. తురుము త్వరగా ఎండుతుంది నిజమే, కానీ పచ్చి కాయను తురిమితే గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది, రసం పళ్లెంలోకి కారిపోతుంది. తురమాలనుకుంటే ముందు ఆవిరి పట్టి, స్టీలు తురుముపీట వాడి, వెంటనే డ్రయ్యర్‌లో పెట్టాలి. నీడలో ఆరబెట్టేవారికి పాయలే క్షేమం.

తొక్కు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఉసిరి ఎక్కువగా నిలిచేది జాడీలోనే. దంచిన ఉసిరిలో ఉప్పు, పసుపు కలిపి గట్టిగా అదిమి, పైన నూనె తేలేలా పోస్తే గాలి లోపలికి పోవడం కష్టం. అందుకని తొక్కులో విటమిన్ కొన్ని నెలల పాటు బాగానే నిలుస్తుంది. మీద పొర నల్లబడి, లోపలి భాగం లేత రంగులో ఉంటే, గాలి తగిలినది ఆ పొరకు మాత్రమేనని అర్థం. ఊరికే కలియబెట్టి అడుగుది పైకి తేవడం మానుకోవాలి. అయితే తొక్కు చెంచాడు కంటే ఎక్కువ తినే వస్తువు కాదు, ఉప్పు ఎక్కువ కదా, అందుకని దానిని విటమిన్ లెక్కలో పెద్దగా వేసుకోను.

డబ్బా విషయంలో ఒక్కటే జాగ్రత్త: ఒరుగులను ఒరుగులుగానే దాచి, పొడి అవసరమైనప్పుడు పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొట్టుకోండి. పొడికి గాలి తగిలే మేర ఎక్కువ, పైగా అది తేమను ఇట్టే లాగుతుంది. గడ్డకట్టిన పొడి అంటే తేమ పట్టిన పొడి, తేమ పట్టిన పొడిలో ఆగిపోయిన నష్టం మళ్లీ నడక మొదలుపెడుతుంది. మూత బిగుతుగా ఉండే సీసా కానీ స్టీలు డబ్బా కానీ వాడి, పొయ్యి పక్కన కాకుండా చీకటి అలమరాలో పెట్టండి. రేకు డబ్బా అయితే లోపల తుప్పు ఉందేమో చూసుకోండి.

అమ్మగారి డబ్బాలో ఇప్పటికే ఉన్నవాటిని మీరే చూసుకోవచ్చు. నాలుగు ముక్కలు తీసి విరవండి. పుటుక్కున విరిగి, లోపల లేత గోధుమ రంగు కనిపించి, నాలుక మీద పెట్టగానే పులుపు ముందు, వగరు తరువాత గట్టిగా తగిలితే ఆ సరుకు బాగుంది. వంగి సాగుతూ, లోపల కాఫీ పొడి రంగులో ఉండి, పులుపు చప్పబడి వగరు ఒక్కటే మిగిలిందంటే విటమిన్‌లో ఎక్కువ భాగం పోయిందనుకోండి. అవి జీర్ణానికో, తలకో వాడుకోవచ్చు. అంచులు మాత్రమే నీలం కలిసిన నలుపుగా ఉండి లోపల రంగు బాగుంటే అది కత్తిపీట గురుతు. వచ్చే కార్తీకానికి కత్తి మార్చమనండి.